నెలసరి మొదట్లో, చివర్లో నల్లటి రక్తం: లెక్క ఎలా రాసుకోవాలి, దవాఖానలో ఏం అడగాలి

మా మరదలిది హాలియా దగ్గరి పల్లె. వయసు 32. ఇద్దరు పిల్లలూ పెద్దాపరేషన్‌తోనే పుట్టారు, రెండోసారి అదే కోతలో పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా చేశారు. ఒక ఆదివారం ఫోన్ చేసి, "నల్లగ పోతున్నది వదినా, పదకొండు రోజులాయె. గర్భసంచి కరాబైందట, తీసెయ్యాలంటున్నరు" అన్నది. అంతకుముందు రోజు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆమెను పది నిమిషాలు చూసి, పొట్టమీద స్కాన్ చేసి, ఆపరేషన్‌కు ఎంతవుతుందో కూడా చెప్పి పంపించారు. ఆ రక్తం నెలలో ఏ రోజు మొదలవుతుందో, ఎర్రగా ఎన్ని రోజులు పోతుందో, నల్లగా ఎన్ని రోజులు పోతుందో మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు ఇంట్లోనే, ఒక క్యాలెండర్‌తో, ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఆ తర్వాత ఆమె విషయంలో మేము నడిచిన వరసలోనే ఈ కింది పనులు రాస్తున్నాను.

ముందుగా, ఆ రంగు ఎందుకు వస్తుంది

వేలు తెగినప్పుడు తెల్లటి గుడ్డతో కట్టి, మరునాడు విప్పి చూడండి. నిన్న ఎర్రగా ఉన్న మరక ఈ రోజు కాఫీపొడి రంగులో ఉంటుంది. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థంలో ఇనుము ఉంటుంది. ఆ ఇనుముకు గాలిలోని ఆక్సిజన్ తగిలి, కొంత సమయం గడిస్తే రంగు గోధుమకు, ఇంకా ఆలస్యమైతే నలుపుకు మారుతుంది. నెలసరిలోనూ జరిగేది ఇదే. రెండో రోజు ప్రవాహం జోరుగా ఉంటుంది కాబట్టి రక్తం గర్భసంచి నుంచి బయటికి త్వరగా వచ్చి ఎర్రగా కనిపిస్తుంది. మొదటి రోజు, చివరి రోజు ప్రవాహం సన్నగా ఉంటుంది, రక్తం గర్భసంచిలోనూ యోనిలోనూ కొన్ని గంటలు నిలిచి, నెమ్మదిగా దిగుతుంది. దిగేసరికి అది చింతపండు పులుసు రంగులోకో, బొగ్గు రంగులోకో మారి ఉంటుంది. అంటే నలుపు ఆ రక్తం ఎంతసేపు లోపల నిలిచిందో చెబుతుంది. అది శుభ్రమైనదా, చెడ్డదా అనే సంగతి రంగు చెప్పదు.

మన దగ్గర దీనిని "చెడు రక్తం" అంటారు, "ఒంట్లో వేడి చేసింది" అంటారు, బయటికి పోతేనే మంచిదని నువ్వులు, బెల్లం పెడతారు. నువ్వులుండలు తినడంలో తప్పేమీ లేదు గానీ వాటితో ఆ రంగు మారదు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నవారు ఆ మాత్రల వల్లే నలుపు వస్తోందని మానేస్తుంటారు. అవి మలాన్ని నల్లబరుస్తాయి, నెలసరి రక్తాన్ని కాదు, కాబట్టి ఆ కారణంగా మాత్రలు ఆపకండి.

ఎర్రటి ప్రవాహానికి ముందు ఒకటి రెండు రోజులు, తర్వాత ఒకటి రెండు రోజులు నల్లటి మరకలు కనిపించి, మొత్తం కలిపి 8 రోజులు దాటకుండా ఉంటే, నెలసరి 24 నుంచి 38 రోజులకొకసారి వస్తూ ఉంటే, ఆ నలుపు కోసం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. కొత్తగా పెద్దమనిషి అయిన పిల్లలకు మొదటి కొన్ని నెలలు అసలు ఎరుపే కనిపించకుండా గోధుమ రంగు మరకలే కనిపించడం కూడా మామూలు విషయమే. తల్లులు భయపడి పిల్లను స్కాన్‌కు తీసుకుపోవాల్సిన పని లేదు.

తెల్లటి గుడ్డ మీద చూడండి

పాత చీర గుడ్డ వాడితే, అందులోనూ ముదురు రంగుదైతే, ఎరుపుకూ గోధుమకూ తేడా తెలియదు. దుకాణంలో కొనే ప్యాడ్లలో కొన్నింటి లోపల ఉండే జెల్ కూడా రక్తం రంగును మార్చి చూపిస్తుంది. అందుకే అనుమానం ఉన్న రోజుల్లో ఉతికి ఎండబెట్టిన తెల్లటి నూలు గుడ్డను కాసేపు పెట్టుకుని, వెలుతురులో చూడండి. నల్లటి గడ్డలా కనిపించిన దాని మీద రెండు చుక్కల నీళ్లు వేస్తే, అంచుల నుంచి ఎర్రటి గోధుమ రంగు నెమ్మదిగా గుడ్డలోకి పాకుతుంది. అది పాత రక్తమేనని తెలుసుకోవడానికి ఇంట్లో ఈ మాత్రం చాలు.

అదే సమయంలో వాసన కూడా గమనించండి. ఇనుప వాసన, కొద్దిగా పాత రక్తపు వాసన సహజమే. కుళ్లిన చేపల వాసనో, చచ్చిన ఎలుక వాసనో వస్తే, దానితోపాటు జ్వరమో పొత్తికడుపు నొప్పో ఉంటే, అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, లేదా లోపల పెట్టుకున్న వస్తువు ఏదైనా మరిచిపోయి ఉండవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ క్యాలెండర్ రాసుకుంటూ కూర్చోకుండా ఆ రోజే చూపించుకోవాలి.

క్యాలెండర్ మీద మూడు నెలలు రాయండి

గోడమీది క్యాలెండర్ ఒకటి చాలు. ఎర్రటి ప్రవాహం ఉన్న రోజున "ఎ" అని, గోధుమ లేదా నల్లటి మరక మాత్రమే ఉన్న రోజున "గ" అని రాయండి. మరక చింతగింజంతే ఉన్నా సరే, రాయాల్సిందే. నొప్పి పని ఆపేంతగా ఉన్న రోజున పక్కన ఒక చుక్క పెట్టండి. ఇక ముఖ్యమైన నియమం ఏమిటంటే, నెలసరి మొదటి రోజుగా లెక్కించాల్సింది ఎర్రటి ప్రవాహం మొదలైన రోజునే. దానికి ముందు వచ్చే నల్లటి మరకల రోజులను మొదటి రోజుగా పట్టుకుంటే నెలసరి ఎప్పుడూ తొందరగా వస్తున్నట్టు, రోజులు తప్పుతున్నట్టు కనిపిస్తుంది.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. చాలా ఇళ్లలో ఐదో రోజు తలస్నానం చేస్తే నెలసరి అయిపోయినట్టే. ఆ తర్వాత మరక కనిపించినా ఎవరికీ చెప్పరు, చెబితే మళ్లీ దేవుడి గది దగ్గరికి రానివ్వరన్న మొహమాటం ఒకటి. డాక్టరు "ఎన్ని రోజులు అవుతుంది?" అని అడిగితే అలవాటుగా "ఐదు రోజులే" అంటారు. ఎరుపు ఆగాక నల్లగా సాగే ఈ తోక భాగం అట్లా లెక్కలోంచి జారిపోతుంది. మా మరదలి విషయంలో ఇది తిరగబడింది. తలస్నానం తర్వాత రెండు రోజులు ఆగి మళ్లీ మరకలు కనబడటంతో "నెలకు రెండుసార్లు అవుతుంది" అని ఆస్పత్రిలో చెప్పింది. అక్కడివాళ్లు దానిని హార్మోన్ల గోలగా రాసుకున్నారు.

ఆమె క్యాలెండర్ ఎలా ఉందో చూడండి. మార్చి 4న ఎరుపు మొదలై 7 వరకు నాలుగు రోజులు "ఎ". 8 నుంచి 14 వరకు ఏడు రోజులు "గ". మళ్లీ ఏప్రిల్ 2న ఎరుపు, 5 వరకు నాలుగు రోజులు, తర్వాత 13 వరకు ఎనిమిది రోజులు "గ", మధ్యలో రెండు రోజులు దాదాపు కనిపించనంత సన్నగా. మే 1న ఎరుపు, 4 వరకు, ఆపై 11 వరకు ఏడు రోజులు "గ". ఎరుపు నుంచి ఎరుపుకు లెక్కిస్తే రెండుసార్లూ సరిగ్గా 29 రోజులే. కాబట్టి ఆమెకు నెలకు రెండుసార్లు కావడం లేదు, రోజులూ తప్పడం లేదు, ఎర్రటి ప్రవాహమూ ఎక్కువ కాదు. ఉన్న తేడా అంతా తోకలోనే ఉంది. ప్రతి నెలా ఎరుపు ఆగిపోయాక ఒక వారం నల్లగా కారుతోంది. ఇంత తెలిశాక వెతకాల్సిన చోటు చాలా చిన్నదైపోయింది.

గర్భం కాదని నిర్ధారించుకోండి

నెలసరి ఆలస్యమై నల్లటి మరకలు వచ్చినా, ఎప్పటిలా ఎర్రగా పోకుండా నల్లటి మరకలతోనే ఆగిపోయినా, క్యాలెండర్ కంటే ముందు మూత్రపు పరీక్ష చేసుకోండి. ఆశా కార్యకర్త దగ్గర "నిశ్చయ్" కిట్ ఉంటుంది, మెడికల్ షాపులో కూడా కార్డు దొరుకుతుంది. ఉదయం మొదటి మూత్రంతో చేసి, కార్డు మీద చెప్పినన్ని నిమిషాలకే గీతలు చూడాలి. ఒకే గీత వచ్చి, నెలసరి మాత్రం రాకపోతే వారం తర్వాత మళ్లీ చేయాలి.

పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది కదా, మాకెందుకీ పరీక్ష అనుకోకండి. ఆ ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు. కానీ వస్తే అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచే అవకాశం మామూలు కంటే ఎక్కువ. ట్యూబులో గర్భానికి తొలి గుర్తు చాలాసార్లు ఇలాంటి నల్లటి, గోధుమ రంగు మరకే. పరీక్షలో రెండు గీతలు వచ్చి, మరకలతోపాటు పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే, తెల్లవారే దాకా ఆగకుండా 108కు ఫోన్ చేసి, స్కాన్, ఆపరేషన్ సౌకర్యం ఉన్న పెద్ద దవాఖానకు వెళ్లాలి.

ఇదేవిధంగా ఆగకూడని సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. నెలసరి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క నల్లటి మరక కనిపించినా చూపించుకోవాలి. భార్యాభర్తల కలయిక తర్వాత మరక కనిపిస్తుంటే గర్భసంచి ముఖద్వారాన్ని పరీక్షించాలి. రెండు గంటలపాటు గంటకొక ప్యాడ్ నిండిపోతుంటే రంగుతో సంబంధం లేకుండా అది అత్యవసరం.

మరక ముందు వస్తోందా, తర్వాత వస్తోందా

మూడు నెలల క్యాలెండర్ చేతికొచ్చాక "గ"లు ఎర్రటి రోజులకు ముందున్నాయా, వెనకున్నాయా చూడండి. ముందున్నవి రెండు రోజులు దాటి, ప్రతి నెలా అలాగే ఉంటే అండం సరిగా విడుదల కాకపోవడం, థైరాయిడ్ వంటి కారణాలు చూడాలి. వాటితోపాటు నొప్పి చుక్కలు చాలా ఉండి, పిల్లలు కలగడం ఆలస్యమవుతుంటే ఎండోమెట్రియోసిస్ గురించి, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు గురించి, డాక్టరును నేరుగా అడగాలి. నలభై దాటినవారిలో నెలసరి ఆగిపోయే ముందు సంవత్సరాల్లో ఈ ముందు మరకలు పెరగడం సహజం, అయినా ఒకసారి చూపించుకోవడం మంచిది.

ముందు మరకలకు మన దగ్గర తరచూ కనిపించే కారణం మరొకటి ఉంది. బోనాలు, జాతర, పెళ్లి, గృహప్రవేశం అనగానే నెలసరి వెనక్కి జరిపే మాత్రలు వేసుకుంటారు. వాటిని రోజుకు చెప్పినన్నిసార్లు వేసుకోకుండా ఒక పూట మరిచినా గోధుమ మరక మొదలవుతుంది. మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు వచ్చే రక్తం కూడా మొదట నల్లగానే ఉండవచ్చు. అటువంటి నెలను క్యాలెండర్‌లో కొట్టేసి, లెక్కలోంచి తీసేయండి. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్న నెలకూ ఇదే వర్తిస్తుంది. మూడు నెలలకోసారి వేసే "అంతర" ఇంజెక్షన్ తీసుకుంటున్నవారికి, కాపర్‌-టి కొత్తగా వేయించుకున్నవారికి మొదటి నెలల్లో మరకలు ఎప్పుడైనా కనిపించవచ్చు.

ఇక "గ"లు వెనక ఉండి, ఎరుపు ఆగాక రెండు రోజులకు మించి సాగుతుంటే, మీకు పెద్దాపరేషన్ అయి ఉంటే, కింది భాగం మీ కోసమే.

కోత దగ్గర గుంట

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఇదే ఎక్కువ. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ముప్పై ఏళ్లకే రెండు కోతలు అయిన ఆడవాళ్లు ప్రతి వాడలో ఉంటారు. ఈ కోతకూ నల్లటి తోకకూ ఉన్న సంబంధం మాత్రం వారిలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

సిజేరియన్‌లో గర్భసంచి కింది భాగంలో, ముందు గోడ మీద అడ్డంగా కోస్తారు. కుట్లు మానిన చోట కండరం అంతా సమానంగా అతుక్కోకుండా, లోపలివైపు చిన్న గుంట మిగిలిపోవచ్చు. మట్టిగోడకు పగులు పూడ్చినప్పుడు పైన సాఫుగా ఉండి లోపల బొక్క మిగిలినట్టే ఇది. నెలసరి రోజుల్లో రక్తం కొంత ఆ గుంటలో నిలుస్తుంది. అసలు నెలసరి ఆగిపోయాక, గుంటలో నిలిచి నల్లబడిన రక్తం రోజూ కొంచెం కొంచెం కారుతుంది. గుంట పక్కన ఉన్న చిన్న రక్తనాళాల నుంచీ కొంత ఊరుతుంది. అందుకే ఆ మరక ఎర్రగా ఉండదు, ధారగా రాదు, ప్యాడు నిండదు, కానీ వారంపాటు వదలదు. నడుం వంచి కలుపు తీసినప్పుడో, బరువు ఎత్తినప్పుడో ఒక్కసారిగా కాస్త ఎక్కువ దిగినట్టు కొందరు చెబుతారు.

ఇది కాన్సర్ కాదు, కాన్సర్‌గా మారేదీ కాదు. గుంట ఉన్నవారందరికీ మరకలు ఉండవు. స్కాన్‌లో గుంట కనిపించినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికే ఈ తోక ఉంటుంది. కోతలు ఒకటికంటే ఎక్కువైతే గుంట ఏర్పడే అవకాశమూ, దాని లోతూ పెరుగుతాయి. సాధారణంగా కాన్పు తర్వాత నెలసరి తిరిగి మొదలైనప్పటి నుంచే ఈ తోక కనిపిస్తుంది. మీరు గుర్తు తెచ్చుకోవాల్సింది ఇదే: ఆపరేషన్‌కు ముందు నెలసరి ఎట్లా ముగిసేది, తర్వాత ఎట్లా ముగుస్తోంది? మా మరదలు ఆలోచించి, "చిన్నోడు పుట్టినంకనే ఇట్లయితుంది" అన్నది. ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేది.

పెద్దాపరేషన్ కాకపోయినా తోక సాగుతుంటే గర్భసంచి లోపలి కండపెరుగు, అంటే పాలిప్, ముఖద్వారం దగ్గర వాపు, కాపర్‌-టి వంటివి చూడాల్సి ఉంటుంది. వీటికి కూడా కింద చెప్పిన స్కానే మొదటి మెట్టు.

దవాఖానలో ఏం చెప్పాలి, ఏం అడగాలి

నెలసరి సమస్యలకు నేరుగా ప్రైవేటు ఆస్పత్రి మెట్లెక్కనవసరం లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చి 8న వంద ఆరోగ్య కేంద్రాల్లో "ఆరోగ్య మహిళ" పేరుతో మంగళవారాల్లో ఆడవాళ్లకోసమే పరీక్షలు మొదలుపెట్టింది. మీ మండలానికి దగ్గరి కేంద్రం ఏదో, ఇప్పుడు ఏ రోజు చూస్తున్నారో ఆశా కార్యకర్తను లేదా ఏఎన్ఎంను అడగండి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో స్త్రీల వైద్య విభాగం ఉంటుంది.

వెళ్లేటప్పుడు క్యాలెండర్ కాగితాన్ని చించి తీసుకుపోండి. కాన్పు ఆపరేషన్ కాగితాలు ఉంటే అవి కూడా పట్టుకోండి. లోపలికి వెళ్లగానే "నల్లగా పోతుంది" అని మొదలుపెట్టకండి. "29 రోజులకోసారి వస్తుంది, ఎర్రగా నాలుగు రోజులు, ఆ తర్వాత నల్లగా ఏడు రోజులు, రెండు సిజేరియన్లయ్యాయి, రెండో దాని తర్వాత నుంచి ఇలా ఉంది" అని చెప్పండి. ఈ వాక్యం విన్న డాక్టరు కోత గుంట సంగతి తానుగానే ఆలోచిస్తుంది.

స్కాన్ విషయంలో జాగ్రత్తపడాలి. నీళ్లు తాగించి, మూత్రం నిండాక పొట్టమీద చేసే స్కాన్‌లో ఈ గుంట తరచుగా తప్పిపోతుంది. "నార్మల్" అని రాసి ఇచ్చినంత మాత్రాన గుంట లేదని కాదు. దీనికి లోపలి నుంచి చేసే స్కాన్ కావాలి, ట్రాన్స్‌వజైనల్ స్కాన్ అంటారు. దీనికి మూత్రం పోసి వచ్చి పడుకోవాలి. వేలంత లావున్న పరికరానికి కొత్త తొడుగు వేసి, యోనిలోకి కొద్దిగా పంపి చూస్తారు, ఇబ్బందిగా అనిపిస్తుంది గానీ నొప్పి ఉండదు. మహిళా డాక్టరు చేయాలని, లేదా పక్కన నర్సు ఉండాలని అడగడం మీ హక్కు. ఎర్రటి ప్రవాహం ఆగాక, వచ్చే నెలసరికి బాగా ముందే ఈ స్కాన్ చేయించుకుంటే గుంట తేటగా కనబడుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే గర్భసంచిలోకి కొద్దిగా సెలైన్ పంపి చేసే స్కాన్‌తో ఖాయం చేస్తారు.

రిపోర్టులో దీనిని "నిష్" అనో, "ఇస్త్‌మోసీల్" అనో, "సిజేరియన్ స్కార్ డిఫెక్ట్" అనో రాస్తారు. రెండు కొలతలు రాయమని అడగండి. ఒకటి గుంట ఎంత లోతు ఉందో. రెండు మిల్లీమీటర్లు, అంతకంటే లోతుంటేనే దానిని గుంటగా లెక్కిస్తారు. రెండోది గుంట వెనక ఇంకా ఎంత మందం కండరం మిగిలి ఉందో. చికిత్స ఏదన్నది ఎక్కువగా ఈ రెండో అంకె మీద ఆధారపడుతుంది. మా మరదలికి మే 18న చేసిన స్కాన్‌లో లోతు 5 మిల్లీమీటర్లు, మిగిలిన కండరం 4 మిల్లీమీటర్లు. అదే పూట రక్తపరీక్ష చేయిస్తే హీమోగ్లోబిన్ 10.8 ఉంది, అంటే రక్తహీనతే. ముఖద్వారం పరీక్ష కూడా చేశారు, మామూలుగా ఉంది. ముప్పై దాటినవారు ఏ కారణంతో వెళ్లినా ఈ పరీక్ష చేయించుకుని రావడం మంచిది.

తర్వాత ఏం చేస్తారు

మరకలతో పెద్ద ఇబ్బంది లేకపోతే ఏమీ చేయనక్కరలేదు. కారణం తెలిసి, భయం పోయాక చాలామంది అక్కడితో ఆగిపోతారు, అది సరైన నిర్ణయమే.

ఇబ్బంది ఉంటే మొదట హార్మోన్ మాత్రలు, అంటే 21 రోజులు వేసుకుని వారం ఆపే గర్భనిరోధక మాత్రలు ఇస్తారు. గర్భసంచి లోపలి పొర పలచబడి, నిలవడానికి రక్తమే తగ్గుతుంది కాబట్టి తోక పొట్టిదవుతుంది. అందరికీ పని చేయవు, ఆపితే తోక మళ్లీ వస్తుంది. బీపీ ఉన్నవారికి, కళ్లముందు మెరుపులు కనిపించే రకం తలనొప్పి ఉన్నవారికి, ఎప్పుడైనా కాలి రక్తనాళంలో గడ్డకట్టినవారికి, ఆరు నెలల లోపు పసిబిడ్డకు పాలిస్తున్నవారికి ఇవి సరిపడవు. బీపీ చూడకుండా మెడికల్ షాపు నుంచి తెచ్చుకోకండి. వీటికి బదులుగా హార్మోన్ ఉన్న లూప్ కూడా వేస్తారు, దానితో మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు ఇంకా ఎక్కువ కావచ్చని ముందే తెలిసి ఉండాలి. రక్తం ఆగడానికి షాపులో ఇచ్చే మాత్రలు జోరుగా పోయే ఎర్రటి రక్తానికి పనికొస్తాయి, గుంటలో ముందే నిలిచి కారే పాత రక్తానికి వాటివల్ల ప్రయోజనం ఉండదు.

మాత్రలు పడనివారికి, మిగిలిన కండరం 3 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే, యోని మార్గంలోనే కెమెరా పంపి గుంట అంచును చెక్కి, రక్తం నిలవకుండా సాఫు చేస్తారు. కండరం అంతకంటే పలచగా ఉంటే ఆ పద్ధతిలో గర్భసంచికి చిల్లు పడే, మూత్రాశయానికి గాయమయ్యే ప్రమాదం ఉంది. అందుకని పొట్టలోంచి లాపరోస్కోపీతో గుంటను తీసేసి మళ్లీ కుడతారు. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఈ గుంట సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. గర్భం వచ్చిందని తెలియగానే, ఆరేడు వారాలకే స్కాన్ చేయించుకుని, గర్భం ఆ కోత గుంటలో నిలవలేదని చూసుకోవాలి.

ఇక గర్భసంచి తీసేయడం. ఈ గుంటకు అది మొదటి చికిత్స కాదు. ఇంకే మార్గమూ పని చేయనప్పుడు, ఇక పిల్లలు వద్దనుకున్నప్పుడు, అన్నీ తెలిసి కోరుకుంటే చేసే చివరి పని. అండాశయాలు ఉంచినా, చిన్న వయసులో గర్భసంచి తీస్తే నెలసరి ఆగే దశ కొంత ముందుగా వచ్చే అవకాశం ఉంది. అవీ తీసేస్తే ఎముకలు, గుండె మీద ప్రభావం చాలా ముందే మొదలవుతుంది. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటికీ చెప్పింది. ఎవరైనా "నల్ల రక్తం, గర్భసంచి పాడైంది" అంటే, "ఏ జబ్బని రాస్తున్నారు? లోపలి స్కాన్‌లో ఏం కనిపించింది? మాత్రలతో ఎందుకు కుదరదు?" అని అడిగి, ఆ జవాబు కాగితం మీద రాయించుకుని, ఇంకో డాక్టరుకు చూపించండి. అత్యవసరం కాని ఈ ఆపరేషన్‌కు రెండు వారాలు ఆగితే మునిగిపోయేది ఏమీ లేదు.

మా మరదలికి బీపీ మామూలుగా ఉంది, తలనొప్పులూ లేవు. డాక్టరమ్మ మూడు నెలలకు మాత్రలు, వాటితో ఐరన్ రాసింది. మే 30న ఎరుపు మొదలైన రోజే మాత్రలు మొదలుపెట్టింది. జూన్‌లో ఒక పూట మరిచి, పన్నెండో రోజున గోధుమ మరక కనబడితే కంగారుపడి ఫోన్ చేసింది. మాత్ర మరిచినందుకు గుర్తుగా ఆ రోజుకు క్యాలెండర్‌లో "మ" అని రాయమన్నాను. ఆగస్టు కాగితాన్ని ఫోటో తీసి పంపింది: "ఎ"లు మూడు, "గ"లు మూడు, పక్కన ఆమె పెద్ద కొడుకు పెన్సిల్‌తో గీసిన బర్రె బొమ్మ.